పరిశీలన తీర్పు: “పిల్లల దొంగల ముఠా” పోస్టు

పరిశీలనకు వచ్చిన పోస్టు పాఠం ఇది: “మన మండలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది. దుప్పట్లు అమ్మే వేషంలో ఇంటింటికీ తిరుగుతున్నారు. ఫొటోలోని ఇద్దరూ కనబడితే పోలీసుల దాకా పోనివ్వకండి, అక్కడే పని పట్టండి. పది గ్రూపులకు పంపండి.” దీనికి ఇద్దరు పురుషుల ముఖాలు స్పష్టంగా కనబడే ఫొటోను, బైకుపై వచ్చినవారు ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోతున్న వీడియోను జతచేశారు.

```
violence_incitement: 4
misinformation: 3
privacy: 2
hate_speech: 1
review: true
```

తీవ్రతకు గరిష్ఠ స్థాయి 4. హింసకు ప్రేరేపించడం అనే వర్గంలో ఈ పోస్టుకు ఆ స్థాయినే ఇచ్చాం. “పని పట్టడం” అనే మాట ఎన్నికల ప్రసంగాల్లోనూ క్రికెట్ కబుర్లలోనూ వినబడేదే కనుక, అది ఒక్కటే ఉంటే స్థాయి 2 దాటేది కాదు. అయితే దానికి ముందున్న “పోలీసుల దాకా పోనివ్వకండి” అనే వాక్యం మరో అర్థానికి తావివ్వడం లేదు. పైగా ముఖాలు చూపారు, ప్రాంతం చెప్పారు. ఇటువంటి సందేశాలను నమ్మిన గుంపులు 2018 మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అమాయకులను కొట్టి చంపిన ఘటనలు ఉన్నందున, ఈ ప్రమాదాన్ని ఊహగా కొట్టిపారేయలేం.

వీడియో నిజమైన అపహరణది కాదు. పిల్లల భద్రతపై అవగాహన కోసం పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన చిత్రం నుంచి, బైకుపై వచ్చినవారే పిల్లవాణ్ణి తిరిగి దించి సందేశం చూపే చివరి భాగాన్ని కత్తిరించారు. 2018లో దేశమంతా తిరిగినది కూడా ఇదే. పోస్టు పెట్టిన వ్యక్తి దీన్ని నిజంగానే నమ్మి ఉండవచ్చు. ఆ నమ్మకాన్ని ఖాతాపై చర్య నిర్ణయించేటప్పుడు పరిగణిస్తాం గానీ, దానివల్ల తీవ్రత తగ్గదు. అనుమతి లేకుండా ముఖాలు చూపినందుకు గోప్యత కింద స్థాయి 2 సరిపోతుంది.

పోస్టును వెంటనే తొలగించాలి. వీడియోను మాత్రం గుడ్డిగా నిషేధ జాబితాలో చేర్చకూడదు, ఎందుకంటే అది బూటకమని చెబుతూ అదే వీడియోను చూపించేవారి పోస్టులు కూడా దాంతోపాటే పోతాయి.

పునఃపరిశీలన గుర్తు పెట్టింది ద్వేష ప్రసంగం వర్గం కోసమే. దుప్పట్లు అమ్మడం వృత్తి. మా నియమావళిలో వృత్తికి ప్రత్యేక రక్షణ లేదు. అయితే ఆ ప్రాంతంలో “దుప్పట్లు అమ్మేవాళ్లు” అన్నది ఉత్తరాది నుంచి వచ్చినవారికో, ఒక సంచార కులానికో మారుపేరుగా వాడుకలో ఉందా అన్నది స్థానిక మాట తెలిసిన సీనియర్ పరిశీలకులు తేల్చాలి. ఉందని తేలితే 1ని 3కు పెంచాలి. లేకపోతే ఈ వర్గాన్ని తీర్పు నుంచి తీసివేయాలి. తొలగింపు ఈ జవాబు కోసం ఆగదు.