కుటుంబ పెన్షన్ మంజూరు కోసం దరఖాస్తు

కందుకూరు,
తేది: 27-03-2025.

గౌరవనీయులైన ఉప ఖజానా అధికారి గారికి,
ఉప ఖజానా కార్యాలయం, కందుకూరు,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

దరఖాస్తుదారు: చుండూరు లక్ష్మీకాంతమ్మ, భర్త కీ.శే. చుండూరు వెంకటనారాయణ, పామూరు రోడ్డు, కందుకూరు.

విషయం: సర్వీసు పెన్షనర్ శ్రీ చుండూరు వెంకటనారాయణ గారు 11-02-2025న మరణించినందున, భార్యనైన నాకు 12-02-2025 నుంచి కుటుంబ పెన్షన్ చెల్లించవలసిందిగానూ, ఆయనకు రావలసిన బకాయిలు, అంత్యక్రియల సహాయం ఇప్పించవలసిందిగానూ విన్నపం.

సూచిక: 1) పి.పి.ఓ. నంబరు 19-07842. 2) తేది 03-03-2025న మీ కార్యాలయంలో ఇచ్చిన మరణ సమాచార లేఖ.

అయ్యా,

మా వారు చుండూరు వెంకటనారాయణ గారు నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసి 30-06-2012న పదవీ విరమణ చేశారు. 1978లో ఉద్యోగంలో చేరారు. సర్వీసులో ఎక్కువ కాలం కందుకూరు ఆఫీసులోనూ, కొన్నేళ్లు రాళ్లపాడు ప్రాజెక్టు పనుల మీదా గడిచింది. రిటైరైన దగ్గర నుంచి మీ ఉప ఖజానా ద్వారానే పెన్షన్ తీసుకుంటూ వచ్చారు. ఈ ఏడాది జనవరిలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కూడా ఆయనే స్వయంగా మీ కార్యాలయానికి వచ్చారు. ఫిబ్రవరి మొదటి వారంలో గుండెనొప్పి వస్తే ఒంగోలు తీసుకుపోయి ఆస్పత్రిలో చేర్చాం. 11-02-2025 మంగళవారం ఉదయం అక్కడే కన్నుమూశారు. ఆయన పుట్టిన తేది 12-06-1954. 71వ ఏట పోయారు.

మరణం ఒంగోలులో జరిగింది కనుక మరణ ధృవీకరణ పత్రం కందుకూరు పురపాలక సంఘం నుంచి కాక ఒంగోలు నగరపాలక సంస్థ నుంచి వచ్చింది. ఆస్పత్రి నుంచి వెళ్లిన వివరాల్లో ఇంటిపేరు 'చుండూరి' అని పడింది. దాన్ని 'చుండూరు'గా సరిచేయించుకుని తెచ్చేసరికి ఈ దరఖాస్తు కొంత ఆలస్యమైంది. మరణవార్త తెలియజేయడంలో మాత్రం మేము జాగు చేయలేదు. పదకొండో రోజు, పన్నెండో రోజు కార్యక్రమాలు అయ్యాక మా పెద్దబ్బాయి మార్చి 3న లేఖ ఇచ్చి రసీదు ముద్ర వేయించుకున్నాడు.

ఈలోగా ఫిబ్రవరి నెల పెన్షన్ మార్చి 1న మా వారి ఖాతాలో పూర్తిగా జమ అయింది. ఆయన ఫిబ్రవరి 11 దాకా ఉన్నారు కనుక అంతవరకే అది ఆయనకు చెందుతుంది. మిగిలిన 17 రోజులకు నాకు రావలసింది కుటుంబ పెన్షన్ మాత్రమే. ఆ ఖాతా మా ఇద్దరి పేరున ఉన్నా ఆ నెల సొమ్ములో ఒక్క రూపాయి కూడా తీయలేదు. మార్చి 1 తర్వాతి లావాదేవీలు కనబడేలా పాస్‌బుక్ ఎంట్రీ వేయించి జత చేశాను. ఎక్కువ పడిన మొత్తాన్ని నాకు రావలసిన బకాయిల్లో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా చలానా కట్టమంటే కడతాను. ఏది చేయాలో మీరు రాతపూర్వకంగా చెప్పగలరు.

ఇక కుటుంబ పెన్షన్ రేటు సంగతి. పి.పి.ఓ.లో మా వారి చివరి మూల వేతనం రూ. 21,010, సర్వీసు పెన్షన్ రూ. 10,505, కుటుంబ పెన్షన్ రూ. 6,303 అని ఉన్నాయి. ఆయన 65 ఏళ్లు ఎప్పుడో దాటారు కనుక పెంచిన రేటు నాకు వర్తించదని తెలుసు, దాన్ని కోరడం లేదు. నేను అడిగేది 30 శాతం చొప్పున నిర్ణయించిన రూ. 6,303 గురించే. అది 2012 నాటి అంకె. దాన్ని 2015 పీఆర్సీలో 43 శాతం, 2022 పీఆర్సీలో 23 శాతం ఫిట్‌మెంటుతో, అప్పటి కరువు భృతి కలిపి సవరించి, ఆ పైన ఇప్పుడు అమలులో ఉన్న కరువు భృతి చేర్చి చెల్లించవలసిందిగా కోరుతున్నాను.

కమ్యుటేషన్ గురించి ప్రత్యేకంగా మనవి చేయాలి. మా వారు రిటైరైనప్పుడు పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేశారు. ఆ కారణంగా నెలకు రూ. 4,202 తగ్గుతూ వచ్చింది, 15 ఏళ్లు ఇంకా నిండలేదు. ఆ కోత ఆయన పెన్షన్‌కు సంబంధించినదే తప్ప కుటుంబ పెన్షన్‌కు కాదు. బిల్లు తయారయ్యేటప్పుడు కంప్యూటరులో పాత వివరాలు అలాగే ఉండిపోయి నా పెన్షన్‌లో కూడా ఆ కోత పడకుండా చూడగలరు. మా వీధిలో ఒకావిడకు ఇలాగే పడి, సరిచేయించుకోవడానికి చాలా రోజులు తిరగవలసి వచ్చింది. అందుకే ముందే చెప్పుకుంటున్నాను.

నా పేరు విషయంలో ఒక తేడా ఉంది. పి.పి.ఓ.లో భార్య పేరు 'సిహెచ్. కాంతమ్మ' అని ఉంది. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మూడింట్లోనూ 'చుండూరు లక్ష్మీకాంతమ్మ' అని ఉంది. పుట్టింట్లోనూ అత్తగారింట్లోనూ నన్ను కాంతమ్మ అనే పిలుస్తారు. పెన్షన్ కాగితాలు నింపేటప్పుడు మా వారు అలవాటు కొద్దీ అదే రాశారు. ఇద్దరూ ఒకరేనని నోటరీ ముందు చేసిన అఫిడవిట్ జత చేస్తున్నాను. తహశీల్దారు గారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రంలో రెండు పేర్లూ ఉన్నాయి. పి.పి.ఓ.కు అంటించిన ఉమ్మడి ఫోటోలో ఆయన పక్కన ఉన్నది నేనే. అప్పటికి జుట్టు నల్లగా ఉంది, కళ్లజోడు లేదు. పోల్చుకోవడానికి కుడి చెంప మీద పుట్టుమచ్చ, ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ ఉన్నాయి. మీ ముందు హాజరైనప్పుడు చూపిస్తాను.

పి.పి.ఓ.లో నా పుట్టిన తేది లేదు, 53 సంవత్సరాలు అని వయసు మాత్రమే ఉంది. ఆధార్ ప్రకారం 01-01-1959. 70 ఏళ్లు నిండాక వచ్చే అదనపు పెన్షన్ ఈ తేదీ మీద ఆధారపడుతుంది కనుక దాన్ని రికార్డులో ఇప్పుడే నమోదు చేయించవలసిందిగా ప్రార్థన.

ఇంకొక మాట. పి.పి.ఓ. హైదరాబాదులోని అకౌంటెంట్ జనరల్ కార్యాలయం నుంచి వచ్చినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉండేది. అందుకని దాని మీద 'ప్రకాశం' అనే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి మనం నెల్లూరు జిల్లాలోకి వచ్చాం. ఊరూ మారలేదు, ఆఫీసూ మారలేదు. ఆ ఒక్క పదం చూసి కాగితాలు ఒంగోలు వెళ్లకుండా చూస్తే మేలు.

కుటుంబ వివరాలు: మాకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ముగ్గురికీ పెళ్లిళ్లయి ఎవరి సంసారం వారు చేసుకుంటున్నారు. కుటుంబ పెన్షన్‌కు అర్హత ఉన్న వేరే భార్య గానీ, మైనర్ పిల్లలు గానీ, ఆధారపడిన వికలాంగ సంతానం గానీ లేరు. నేను ఎక్కడా ఉద్యోగం చేయలేదు. వేరే ఏ పెన్షన్ నాకు రావడం లేదు, ఎన్టీఆర్ భరోసా కింద కూడా తీసుకోవడం లేదు. పునర్వివాహం చేసుకోలేదనే ప్రకటన కూడా విడిగా రాసి సంతకం చేశాను. 66 ఏళ్ల మనిషి చేత ఈ మాట రాయించడం చూసి మా మనవరాలు నవ్వింది గానీ, నిబంధన నిబంధనే.

ఆయన బతికున్న కాలానికి చెందిన కరువు భృతి బకాయిలు, పీఆర్సీ బకాయిలు ప్రభుత్వం విడుదల చేసినప్పుడు నా ఖాతాకే జమ చేయవలసిందిగా కోరుతున్నాను. వాటికి నామినీని నేనే. పిల్లలు ముగ్గురూ తమకు అభ్యంతరం లేదని సంతకాలు చేసి ఇచ్చారు. అంత్యక్రియల ఖర్చులు నేనే పెట్టుకున్నాను కనుక పెన్షనర్ మరణిస్తే ఇచ్చే అంత్యక్రియల సహాయం కూడా మంజూరు చేయగలరు.

ఆరోగ్య కార్డు సంగతి కూడా దీంతోపాటే తేలాలి. ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డులో నేను మా వారి మీద ఆధారపడిన భార్యగా ఉన్నాను. నాకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. చందా తెగిపోకుండా నా కుటుంబ పెన్షన్ నుంచి మినహాయించి, కార్డు నా పేరున కొనసాగేలా వివరాలు పంపగలరు.

కుటుంబ పెన్షన్ కోసం నా ఒక్కదాని పేరున కందుకూరు స్టేట్ బ్యాంకులో కొత్త సేవింగ్స్ ఖాతా తెరిచాను. దాని చివరి నాలుగు అంకెలు 4172, పూర్తి నంబరు పాస్‌బుక్ నకలులో ఉంది. ఎప్పుడైనా నాకు రావలసిన దానికన్నా ఎక్కువ మొత్తం జమ అయితే తిరిగి చెల్లిస్తానని హామీ పత్రం ఇస్తున్నాను.

మోకాళ్ల నొప్పి వల్ల మెట్లు ఎక్కడం నాకు కష్టం. గుర్తింపు కోసం హాజరు కావలసిన రోజు ముందుగా తెలియజేస్తే మా అబ్బాయి బండి మీద తీసుకొస్తాడు. వీలైతే కింద గదిలో ఆ పని పూర్తి చేయించగలరు. కాగితాల్లో ఏదైనా లోపం ఉంటే అన్నీ ఒకేసారి రాసి తెలియజేస్తే ఒకేసారి తెచ్చి ఇస్తాము.

పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధృవీకరిస్తున్నాను. ఇంట్లో మా వారి పెన్షనే ఆధారం. మార్చి నెలది ఆయన పేరున వేయకుండా ఆపి, ఏప్రిల్ నెల బిల్లుకైనా నా పేరు చేరేలా చర్య తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం) చుండూరు లక్ష్మీకాంతమ్మ

జతపరచిన పత్రాలు:

1. పి.పి.ఓ. పెన్షనర్ ప్రతి, అసలు. (ఖజానా ప్రతి మీ వద్దనే ఉంది. నేను ఇచ్చిన దానికి రసీదు ఇప్పించగలరు.)
2. మరణ ధృవీకరణ పత్రం అసలు, రెండు నకళ్లు.
3. కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, వార్డు సచివాలయం ద్వారా దరఖాస్తు చేసి పొందినది.
4. పేరు తేడాపై నోటరీ అఫిడవిట్.
5. నా ఆధార్, పాన్ నకళ్లు, మా వారి ఆధార్ నకలు.
6. కొత్త ఖాతా పాస్‌బుక్ మొదటి పేజీ, పాత ఉమ్మడి ఖాతా పాస్‌బుక్‌లో మార్చి ఎంట్రీలున్న పేజీ.
7. గెజిటెడ్ అధికారి ధృవీకరించిన నా పాస్‌పోర్టు సైజు ఫోటోలు మూడు.
8. నమూనా సంతకాలు, ఎడమచేతి వేలిముద్రలు, గుర్తింపు చిహ్నాల పత్రం, రెండేసి ప్రతులు.
9. పునర్వివాహం చేసుకోలేదనే ప్రకటన, ఉద్యోగం చేయడం లేదనే ప్రకటన.
10. అధిక చెల్లింపు తిరిగి ఇస్తాననే హామీ పత్రం.
11. పిల్లలు ముగ్గురి నిరభ్యంతర పత్రం, వారి ఆధార్ నకళ్లతో.
12. ఆరోగ్య కార్డు నకలు.
13. రసీదు ముద్ర ఉన్న 03-03-2025 నాటి లేఖ నకలు.

నకలు: జిల్లా ఖజానా అధికారి గారికి, నెల్లూరు, సమాచారార్థం.