పెన్సిల్ గీతలు

బుడగట్లపాలెం బస్సులో కిటికీ పక్కన చోటు దొరికాక గౌరి పుస్తకం తెరిచింది. ఇంటర్ మొదటి సంవత్సరం రసాయనశాస్త్రం. శ్రీకాకుళం కాంప్లెక్సు దగ్గర పాత పుస్తకాల దుకాణంలో బేరమాడి 80 రూపాయలకు కొన్నది.

అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో రాసిన ఫోను నంబరు, దాని పక్కన ‘నాన్న, వెరావల్’ అని. అంకెల మీద మళ్లీ మళ్లీ దిద్దినట్టున్నారు, వేలితో తడిమితే గాడి తగిలింది. కింద నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ అడ్డంగా ఐదోది. అలాంటి కట్టలు నాలుగు. ఆ తర్వాత విడిగా రెండు గీతలు. అంతటితో ఆగిపోయాయి.

అవి ఏమిటో గౌరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్లింట్లో అవి క్యాలెండర్ మీద ఉంటాయి. ఆగస్టులో గుజరాత్ వెళ్లిన నాన్న ఈసారి బోటెక్కి నేటికి 18 రోజులు. నడిసముద్రంలో సిగ్నలు ఉండదు. బోటు ఒడ్డు చేరిన రోజు ఫోను మోగుతుంది, అమ్మ ఆ తేదీకి సున్న చుడుతుంది.

ఈ అట్ట మీద సున్న లేదు.

తండ్రి వచ్చిన సంతోషంలో ఆ పిల్ల గీతల సంగతే మరిచిపోయిందేమో. రాకపోయి ఉంటే? 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయిన జిల్లా మత్స్యకారులు వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి అయింది. అప్పటికి గౌరి చిన్నది. ఆడవాళ్ల ఏడుపులు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

సాయంత్రం పెరట్లో, ఆరేసిన వలల పక్కన కూర్చుని తొమ్మిది అంకెలు నొక్కి చెరిపేసింది. చెడు మాట వింటే అది ఈ ఇంట్లోకే వచ్చేస్తుందని భయం. అమ్మకు చెప్పలేదు. అమ్మ అప్పటికే అన్నం సరిగ్గా తినడం లేదు. మళ్లీ నొక్కింది, మళ్లీ చెరిపింది. లోపల అమ్మ దీపం పెడుతున్న చప్పుడు విని, కళ్లు మూసుకుని పదో అంకె కూడా నొక్కేసింది.

నాలుగోసారి మోగాక ఎత్తారు.

“ఎవరమ్మా?” గాలి హోరులో పెద్దాయన గొంతు. మన యాసే.

గౌరికి నోరు పెగల్లేదు.

“ఎవరు కావాలి తల్లీ?”

“మీ అమ్మాయి రసాయనశాస్త్రం పుస్తకం నేను కొన్నాను బాబాయ్. అట్ట మీద 22 గీతలున్నాయి. ఆ తర్వాత లేవు.”

అటువైపు కాసేపు గాలి చప్పుడే వినిపించింది.

“ఇంజను చెడిపోయింది ఆ ట్రిప్పులో. 23వ రోజున ఒడ్డెక్కి ఫోను చేస్తే, పిచ్చిది, మాట్లాడకుండా ఏడుస్తూనే ఉంది.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “మీ నాన్న వెళ్లి ఎన్ని రోజులైంది తల్లీ?”