కారణాంక వృక్షాలు, గ.సా.కా., క.సా.గు. – 6వ తరగతి వర్క్‌షీట్

ముందు ఈ రెండు చెట్లూ చూడండి. రెండూ 360వే.

```
       360                  360
      /   \                /   \
    36     10             8     45
   /  \    / \           / \    / \
  6    6  2   5         2   4  5   9
 / \  / \                  / \    / \
2  3  2  3                2   2  3   3
```

ఒకటి 36 × 10తో మొదలైంది, ఇంకొకటి 8 × 45తో. కొమ్మలు వేరు. చివరి ఆకులు ఏరి చూస్తే మాత్రం రెండింట్లోనూ మూడు 2లు, రెండు 3లు, ఒక 5. కాబట్టి "ఏ సంఖ్యతో మొదలుపెట్టాలి సార్?" అని అడగనక్కర్లేదు. మీకు తోచిన ఏ లబ్ధంతోనైనా మొదలుపెట్టండి. ఆకులన్నీ ప్రధాన సంఖ్యలు అయ్యేదాకా ఆగకండి. 1ని ఆకుగా రాయకండి, అలా రాస్తూ పోతే చెట్టుకు అంతే ఉండదు.

చేసి చూపిన లెక్క: 84, 90

84 = 2 × 2 × 3 × 7
90 = 2 × 3 × 3 × 5

రెండు వరుసల్లోనూ ఉన్నవి ఒక 2, ఒక 3. గ.సా.కా. = 2 × 3 = 6.

క.సా.గు.కి 84 ఆకులన్నీ కావాలి, 90 ఆకులన్నీ కావాలి, కానీ ఒక్కటి కూడా ఎక్కువ ఉండకూడదు. 84 ఆకులు ముందే రాసుకోండి: 2, 2, 3, 7. ఇప్పుడు 90కి ఏం తక్కువైంది? ఒక 3, ఒక 5. అవి చేర్చండి: 2 × 2 × 3 × 7 × 3 × 5 = 1260.

సరిచూసుకోవడం: 6 × 1260 = 7560, 84 × 90 కూడా 7560. రెండు సంఖ్యలకు ఇది ఎప్పుడూ కుదురుతుంది. మూడు సంఖ్యలకు కుదురుతుందని నమ్మకండి.

ఇక మీ వంతు. చెట్లు నోటుబుక్కులో పెద్దగా వేయండి, మూలన ఇరికించొద్దు.

1. 51, 67, 91, 119. వీటిలో ఒక్కటే ప్రధాన సంఖ్య. అది ఏది? మిగతా మూడింటికి చెట్లు వేయండి.

2. కింది చెట్టులో అ, బ, చ ఏ సంఖ్యలు?

```
    అ
   / \
  2   బ
     / \
    3   35
        / \
       5   చ
```

3. ఒక విద్యార్థి 48 = 2 × 3 × 8 అని రాసి ఆపేశాడు. గుణిస్తే 48 వస్తోంది, అయినా మార్కు రాలేదు. ఎందుకు?

4. గ.సా.కా., క.సా.గు. కనుక్కోండి: (క) 48, 72 (ఖ) 35, 64 (గ) 24, 36, 60.
(ఖ) దగ్గర రెండు చెట్లకూ ఉమ్మడి ఆకు ఒక్కటీ దొరకదు. కంగారు పడకండి, గ.సా.కా. 0 మాత్రం కాదు.

5. గది పొడవు 360 సెం.మీ., వెడల్పు 300 సెం.మీ. ఎక్కడా కోయకుండా పరచగల అతి పెద్ద చతురస్రపు టైల్ భుజం ఎంత? అలాంటివి ఎన్ని కావాలి?

6. రెండు సంఖ్యల గ.సా.కా. 12, క.సా.గు. 420. ఒక సంఖ్య 84. రెండోది ఎంత?

7. గోదావరి పుష్కరాలు 12 ఏళ్లకోసారి వస్తాయి: 2003, 2015, 2027. మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర రెండేళ్లకోసారి: 2022, 2024, 2026. 2, 12ల క.సా.గు. 12 కదా, అందుకని ఈ రెండూ 12 ఏళ్లకోసారి ఒకే ఏడాదిలో వస్తాయని ఒకరు అన్నారు. నిజమేనా? కారణం రెండు వాక్యాల్లో రాయండి. (ఇది తొందరపడితే తప్పే లెక్క.)

8. సూర్యుడి చుట్టూ తిరగడానికి గురుగ్రహానికి దాదాపు 12 ఏళ్లు, శనికి దాదాపు 30 ఏళ్లు పడుతుంది. 12, 30ల క.సా.గు. కనుక్కోండి. ప్రభవ, విభవ అంటూ సాగే తెలుగు సంవత్సరాల పేర్లు మళ్లీ మొదటికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, పక్కన రాయండి.

9. రామానుజన్ పేరుతో ముడిపడ్డ 1729కి చెట్టు వేయండి. 2, 3, 5 పనికిరావు, 7తో మొదలుపెట్టండి. చెట్టు పూర్తయ్యాక, 1729, 91ల గ.సా.కా., క.సా.గు. కొత్తగా లెక్క చేయకుండానే చెప్పండి.

జవాబులు (చేశాకే చూడండి)

1. 67. మిగతావి 3 × 17, 7 × 13, 7 × 17.
2. అ = 210, బ = 105, చ = 7.
3. 8 ప్రధాన సంఖ్య కాదు. సరైనది 2 × 2 × 2 × 2 × 3.
4. (క) 24, 144 (ఖ) 1, 2240 (గ) 12, 360.
5. 60 సెం.మీ., 30 టైళ్లు.
6. 60.
7. కాదు. పుష్కరాలు బేసి సంవత్సరాల్లో, జాతర సరి సంవత్సరాల్లో వస్తున్నాయి. క.సా.గు. పనికొచ్చేది రెండూ ఒక్కసారైనా కలిసినప్పుడే.
8. 60. పేర్లూ 60 ఏళ్లకే తిరిగొస్తాయి.
9. 7 × 13 × 19. 91 = 7 × 13 ఆ చెట్టులోనే ఉంది కాబట్టి గ.సా.కా. 91, క.సా.గు. 1729.