నీ గ్రాఫ్ థియరీ వర్క్‌షీట్ దిద్దాను, చూసుకో

తమ్ముడూ,

నువ్వు పంపిన రెండు ఫోటోలూ ప్రింట్ తీయించి, రాత్రి పెన్సిల్ పట్టుకుని కూర్చుని దిద్దాను. ఫోన్‌లోనే చూస్తే సన్న గీతలు కంటికి ఆనడం లేదు. ఐదు ప్రశ్నల్లో ఏదీ మొత్తం తప్పు కాదు, ఏదీ మొత్తం ఒప్పూ కాదు. గురువారం మిడ్ అని నువ్వు టెన్షన్ పడుతున్నావని అమ్మ చెప్పింది. ఈ తప్పులన్నీ ఒక్క సాయంత్రం కూర్చుంటే సరిచేసుకోగలిగినవే. వరసగా చెప్తాను, వర్క్‌షీట్ పక్కన పెట్టుకుని చదువు.

1వ ప్రశ్న. P, Q, R, S ఉన్న బొమ్మ

నువ్వు రాసిన డిగ్రీలు, అంటే ఒక్కో చుక్క దగ్గర కలిసే గీతల కొసల లెక్క: P = 3, Q = 3, R = 3, S = 2. కూడితే 11. ఇక్కడే ఆగిపోవాల్సింది. ప్రతి ఎడ్జ్‌కీ, అంటే గీతకీ, రెండు కొసలు ఉంటాయి కాబట్టి డిగ్రీల మొత్తం ఎప్పుడూ ఎడ్జ్‌ల సంఖ్యకు రెట్టింపు. అది సరి సంఖ్యే అయి తీరాలి. 11 వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే, బొమ్మ చూడకుండానే చెప్పేయొచ్చు. ఇదే విషయం ఇంకో రకంగా కూడా కనిపిస్తుంది: నీ లెక్కలో బేసి డిగ్రీ ఉన్నవి మూడు. ఏ గ్రాఫ్‌లోనూ బేసి డిగ్రీ వెర్టెక్స్‌లు, అంటే చుక్కలు, మూడు ఉండవు. అవి ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి.

తప్పింది R దగ్గర. అక్కడున్న లూప్‌ని ఒకటిగా లెక్కపెట్టావు. లూప్ కొసలు రెండూ R మీదే ఉన్నాయి కాబట్టి అది రెండు. QR ఒకటి, RS ఒకటి, లూప్ రెండు, మొత్తం R = 4. ఇప్పుడు 3 + 3 + 4 + 2 = 12, ఎడ్జ్‌లు 6. సరిపోయింది.

ఆ ఒక్క తప్పు వల్ల కింద సమాధానం కూడా తారుమారైంది. "మూడు బేసి ఉన్నాయి, కాబట్టి ఆయిలర్ పాత్ లేదు" అని రాశావు. నిజానికి బేసివి P, Q రెండే, కాబట్టి ప్రతి ఎడ్జ్ మీదా సరిగ్గా ఒక్కసారే నడిచే ఆ పాత్ ఉంది. P నుంచి ఒక గీత మీద Q కి, రెండో గీత మీద మళ్లీ P కి, తర్వాత S, అక్కడి నుంచి R, లూప్ తిరిగి మళ్లీ R, చివరికి Q:

```
P – Q – P – S – R – R – Q
```

ఆరు అడుగులు, ఆరు ఎడ్జ్‌లు.

ఇంకో మాట. P, Q మధ్య ఉన్న రెండు గీతలూ నీ బొమ్మలో అతుక్కుపోయి ఒక లావు గీతలా ఉన్నాయి. నువ్వు P = 3 అని రాశావు కాబట్టి అవి రెండని నాకు అర్థమైంది. పేపర్ దిద్దేవాళ్లకు అంత ఓపిక ఉంటుందని అనుకోకు. ఒకదాన్ని పైకి, ఒకదాన్ని కిందికి విల్లులా వంచి గీయి.

2వ ప్రశ్న. కోనిగ్స్‌బర్గ్ వంతెనలు

డిగ్రీలు 5, 3, 3, 3. మొత్తం 14, వంతెనలు 7. బాగా చేశావు. ప్రతి వంతెననీ సరిగ్గా ఒక్కసారే దాటే నడక సాధ్యం కాదన్న జవాబూ సరైనదే. కానీ నువ్వు చెప్పిన కారణం తప్పు: "వంతెనలు బేసి సంఖ్యలో ఉన్నాయి కాబట్టి" అని రాశావు. ఒక త్రిభుజం గీసి చూడు. ఎడ్జ్‌లు మూడు, బేసే కదా. అయినా చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేస్తాం. చూడాల్సింది ఎన్ని వంతెనలని కాదు, ఒక్కో నేల ముక్కకు ఎన్ని వంతెనలు తగులుతున్నాయని. 1735లో ఆయిలర్ పట్టుకున్నది సరిగ్గా ఇదే. దారిలో మధ్యలో తగిలే ఏ చోటికైనా ఒక వంతెన మీద వస్తాం, ఇంకో వంతెన మీద పోతాం. అంటే అక్కడ వంతెనలు జతలుగా ఖర్చవుతాయి. జత కుదరకపోవడం మొదలుపెట్టిన చోటా, ముగించిన చోటా మాత్రమే జరగాలి. ఇక్కడ జత కుదరనివి నాలుగున్నాయి. పరీక్షలో ఆ నాలుగు అన్న మాట రాయకపోతే మార్కులు పోతాయి.

3వ ప్రశ్న. ఆరు వెర్టెక్స్‌లు, నువ్వు రాసిన ఆయిలర్ పాత్

దీని మీదే ఎక్కువసేపు కూర్చున్నాను. ఇది కొంచెం మాయ చేసే తప్పు, నువ్వు మోసపోవడం సహజమే.

ఇచ్చిన ఎడ్జ్‌లు తొమ్మిది: AB, AC, BC, BD, CD, CE, DE, DF, EF. నీ డిగ్రీలు A = 2, B = 3, C = 4, D = 4, E = 3, F = 2. మొత్తం 18. ప్రతిదీ మళ్లీ లెక్కపెట్టాను, అన్నీ సరైనవే. B, E చుట్టూ సున్నాలు చుట్టి "బేసి" అని కూడా రాశావు. అంతవరకు చక్కగా ఉంది. ఆ కింద ఇలా ఉంది:

```
A – B – D – F – E – D – C – E – C – A
```

పక్కనే "9 ఎడ్జ్‌లు, సరిపోయాయి" అని టిక్ పెట్టావు. అడుగులు తొమ్మిదే, నిజం. ప్రతి అడుగూ బొమ్మలో ఉన్న గీత మీదే పడింది, అదీ నిజం. కానీ అడుగులు తొమ్మిది అయినంత మాత్రాన తొమ్మిది ఎడ్జ్‌లూ అయినట్టు కాదు. నేనేం చేశానంటే, నీ అడుగులన్నీ ఎడ్జ్ పేర్లుగా మార్చి రాసుకున్నాను, ప్రతిసారీ అక్షరమాలలో ముందొచ్చే అక్షరాన్ని ముందు పెట్టి. నువ్వు F నుంచి E కి వెళ్లినా EF అనే, E నుంచి C కి వెళ్లినా CE అనే:

```
AB, BD, DF, EF, DE, CD, CE, CE, AC
```

ఇలా రాస్తే CE రెండుసార్లు వచ్చిందని ఇట్టే తెలుస్తుంది. నీ పద్ధతిలో ఒకచోట C–E, వెంటనే E–C అని ఉండటంతో రెండూ వేర్వేరుగా కనిపించాయి. ఒకటి రెండుసార్లు పడితే ఇంకోటి మిగిలిపోవాలి. మిగిలింది BC. దాని మీద నువ్వసలు నడవలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ తప్పు పట్టడానికి నిజానికి ఆ పట్టిక కూడా అక్కర్లేదు. నీ పాత్ A లో మొదలై A లోనే ముగిసింది. అలా ముగిసే దారిలో ప్రతి వెర్టెక్స్ దగ్గరా జతలు కుదరాలి, అంటే అన్ని డిగ్రీలూ సరి కావాలి. నువ్వే పైన B, E బేసి అని సున్నాలు చుట్టావు. నీ పేజీ పై సగం చెప్పేదాన్ని కింద సగం కాదంటోంది. దారి రాయడానికి ముందు ఆ సున్నాల వంక ఒక్కసారి చూసి ఉంటే B లో మొదలుపెట్టేవాడివి.

నువ్వు ఎక్కడ ఇరుక్కున్నావో కూడా నాకు కనిపించింది, C దగ్గర కొట్టివేత ఉంది. A–B–D–F–E–D–C వరకు ఒక్క ఎడ్జ్ కూడా మళ్లీ రాలేదు. అక్కడ మిగిలినవి మూడు గీతలు: C నుంచి A కి, B కి, E కి. ఏది పట్టుకున్నా అవతల దారి లేదు. నువ్వు E కి వెళ్లి, దిక్కు తోచక అదే గీత మీద వెనక్కి వచ్చావు. C దగ్గర తెలివిగా మలుపు తీసుకోలేదని బాధపడకు. A లో మొదలుపెట్టినప్పుడే అది కుదరదని తేలిపోయింది.

B లో మొదలుపెడితే ఇలా వస్తుంది:

```
B – A – C – B – D – C – E – D – F – E
```

AB, AC, BC, BD, CD, CE, DE, DF, EF. తొమ్మిదీ ఒక్కొక్కసారే వచ్చాయి, E లో ముగిసింది. ఇదొక్కటే జవాబు కాదు, ఇంకా ఉన్నాయి. కానీ ఏదైనా సరే B, E ల మధ్యే ఉంటుంది.

పోస్ట్‌మన్‌లా A లో బయల్దేరి అన్ని వీధులూ తిరిగి A కే రావాలంటే కొన్ని గీతల మీద రెండోసారి నడవక తప్పదు. B నుంచి E కి నేరుగా గీత లేదు, దగ్గరి దారి రెండు ఎడ్జ్‌లు. కాబట్టి కనీసం 11 అడుగులు. ఇది మీ సిలబస్‌లో ఉందో లేదో చూసుకో, నాకు నచ్చి రాశాను.

4వ ప్రశ్న. చతురస్రం, రెండు కర్ణాలు

జవాబు "పాత్ లేదు" సరైనదే. కానీ కర్ణాలు మధ్యలో దాటుకున్న చోట చుక్క పెట్టి M అని పేరు పెట్టావు. ప్రశ్నలో వెర్టెక్స్‌లు W, X, Y, Z నాలుగే. గీతలు కాగితం మీద దాటుకున్నంత మాత్రాన అక్కడ వెర్టెక్స్ పుట్టదు. ఫ్లైఓవర్ కింద నుంచి రోడ్డు పోయినట్టు అనుకో, అక్కడ కూడలి లేదు. అమ్మ వేసే మెలికల ముగ్గు నీ మనసులో మెదిలి ఉంటుంది. ముగ్గులో గీతలు దాటే ప్రతి చోటునీ వెర్టెక్స్‌గా తీసుకోవచ్చు, అక్కడ నాలుగు కొసలు కలుస్తాయి, అందుకే విడిపోకుండా ఒక్కటిగా ఉన్న అలాంటి ముగ్గును చెయ్యి ఎత్తకుండా ముగించే దారి తప్పకుండా ఉంటుంది. ఈ ప్రశ్న అలాంటిది కాదు.

ఇక్కడ ఒకటి గమనించు. M తో కలిపి నీ లెక్క 3 + 3 + 3 + 3 + 4 = 16, ఎడ్జ్‌లు 8. రెట్టింపు సరిపోయింది! సరైన లెక్క 12, ఎడ్జ్‌లు 6. అంటే డిగ్రీల మొత్తం సరిపోయినా నువ్వు వేరే గ్రాఫ్‌ని లెక్కపెడుతూ ఉండొచ్చు. ముందు ప్రశ్నలో వెర్టెక్స్‌లు ఎన్నో, నీ జాబితాలో ఎన్ని ఉన్నాయో చూడు.

5వ ప్రశ్న

రెండు విడి త్రిభుజాలు. అన్ని డిగ్రీలూ 2, కాబట్టి ఆయిలర్ సర్క్యూట్, అంటే బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ఆయిలర్ పాత్, ఉంది అన్నావు. ఒక త్రిభుజం నుంచి రెండోదానికి ఎలా దూకుతావు? ఎడ్జ్‌లున్న భాగమంతా కలిసి ఉండాలి అన్న షరతు మర్చిపోయావు. కలిసి ఉండి, డిగ్రీలన్నీ సరి అయితే సర్క్యూట్ తప్పక ఉంటుందని పూర్తిగా నిరూపించింది హీర్‌హోల్జర్, 1873లో అచ్చయింది. థీరమ్ రాయమంటే ఆ రెండు షరతులూ రాయి.

1, 3 ప్రశ్నలు కొత్త కాగితం మీద మళ్లీ చేసి పంపు. 3లో నేను రాసిన దారి కాకుండా B లో మొదలయ్యే ఇంకో దారి వెతుకు, పక్కన ఎడ్జ్‌ల పట్టిక కూడా రాయి. 4లో W, X లకు పైన V అనే కొత్త వెర్టెక్స్ పెట్టి VW, VX కలిపితే తెరిచిన కవరు బొమ్మ వస్తుంది, చిన్నప్పుడు పెన్ను ఎత్తకుండా గీయమని నిన్ను ఏడిపించేదాన్ని. అప్పుడు నీకు ఎందుకు కొన్నిసార్లు కుదిరేది, కొన్నిసార్లు కుదిరేది కాదో డిగ్రీలు లెక్కపెట్టి చెప్పు. ఆదివారం సాయంత్రం కాలేజీ పేపర్లు దిద్దడం అయ్యాక ఫోన్ చేస్తాను.

అక్క