విషయం: స్టేషన్ ఎదుట టోపీల వ్యాపారులు, ఎత్తుకెళ్లిన సరుకుకు చీటీ లేదు – సిటీ పేజీకి కథనం ప్రతిపాదన

నమస్కారం సార్,

నా పేరు భార్గవి. తిరుపతిలో ఉంటూ ఫ్రీలాన్స్‌గా రాస్తుంటాను. మీ సిటీ పేజీకి ఒక కథనం ఇవ్వాలని ఈ మెయిల్ రాస్తున్నాను.

రైల్వే స్టేషన్ ఎదుట, విష్ణు నివాసం చుట్టుపక్కల, గుండు చేయించుకుని కొండ దిగొచ్చే భక్తులకు టోపీలు అమ్మేవాళ్లను మీరు చూసే ఉంటారు. అప్పుడప్పుడు వాళ్ల సరుకు ఎత్తుకెళ్తుంటారు. అలా ఎత్తుకెళ్లినప్పుడు ఏమేం తీసుకున్నారో రాసి, సంతకం పెట్టి, ఆ జాబితా వ్యాపారి చేతికి ఇవ్వాలని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. నేను మాట్లాడినవాళ్లలో ఒక్కరికి కూడా అలాంటి కాగితం అందలేదు. అది ఇవ్వాలన్న సంగతే చాలామందికి తెలియదు. ఎందుకు ఇవ్వడం లేదు, ఇవ్వకపోతే ఆ సరుకు ఏమవుతోంది అన్నదే నా కథనం.

ఫుట్‌పాత్ ఆక్రమణల మీద ఒక వారం, చిరువ్యాపారుల గోడు మీద ఇంకో వారం వార్తలు వస్తూనే ఉంటాయి. రెండూ నిజమే, కానీ రెండింటిలోనూ ఆ చీటీ సంగతి ఉండదు. ఉందా లేదా అని అడిగి తేల్చుకోగలిగిన చిన్న విషయం కాబట్టే దాన్ని పట్టుకున్నాను.

కథలో ముఖ్యమైన మనిషి కొర్లగుంట నుంచి వచ్చే ఒకామె. యాభై దాటింది. పేరు వేయడానికి ఒప్పుకుంది గానీ, అచ్చయ్యే ముందు ఇంకోసారి అడిగాకే మీకు చెబుతాను. ఆమెకు బండి లేదు. ఒక ప్లాస్టిక్ పట్ట, దానికి నాలుగు మూలలా తాడు. తాడు లాగితే టోపీలన్నీ ఒక్క మూటగా ముడుచుకుంటాయి. జీపు కనబడగానే మూట భుజాన వేసుకుని తీర్థకట్ట వీధి వైపు వెళ్లిపోతుంది. ఒక్కోసారి తాడు లాగేలోపే వచ్చేస్తారు.

ఆమె దగ్గర వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉంది. ఆ కార్డు చూపించి పీఎం స్వనిధి కింద మొదటి విడత 10,000 తీసుకుని, తీర్చి, రెండో విడత 20,000 కూడా తీసుకుంది. పాస్‌బుక్ చూశాను, కంతులు సక్రమంగానే పడుతున్నాయి. అంటే బ్యాంకు దృష్టిలో ఈమె వీధి వ్యాపారి. అదే వీధిలో నిలబడితే మాత్రం కాదు. ఆమె మాటల్లోనే: "కార్డుండాది, లోనుండాది. నిలబడేదానికి తావే లేదు పాపా. మూట పోయిన నెల బ్యాంకోళ్లకు ఏం జెప్పేది?" మూట పోయిన నెల ఆమె బయట రోజు కంతుకు అప్పు తెచ్చి బ్యాంకు కంతు కట్టింది. ప్రభుత్వమిచ్చిన తక్కువ వడ్డీ అప్పు తీర్చడానికి ఎక్కువ వడ్డీ అప్పు చేయడమన్న మాట. నా దృష్టిలో కథనానికి ప్రాణం ఇక్కడే ఉంది.

ఇక స్థలం సంగతి. ఇది పాఠకులకు కొత్తగా ఉంటుంది. ఆ చట్టం మొదటి సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది: రైల్వే చట్టం కింద రైల్వేల అధీనంలో ఉన్న స్థలాలకు, రైళ్లకు అది వర్తించదు. అంటే స్టేషన్ ఆవరణలో కూర్చున్న వ్యాపారికి ఈ చట్టంలోని రక్షణ ఏదీ లేదు. బయట నగరపాలక రోడ్డు మీద కూర్చున్నవాళ్లకు ఉంది. మధ్యలో ఉన్నది నాలుగడుగులు. రైలు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఎటు నడుస్తారో బేరం అటే ఉంటుంది కాబట్టి టోపీల వాళ్లు పొద్దస్తమానం అటూ ఇటూ మారుతూనే ఉంటారు. తాము ఏ పక్క నిలబడ్డామన్నది ఎంత ముఖ్యమో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎత్తుకెళ్లినవాళ్లు ఎవరు అని అడిగితే ఒకరు మున్సిపాలిటీ అంటారు, ఒకరు ట్రాఫిక్ అంటారు, ఇంకొకరు రైల్వే పోలీసులంటారు. ఎవరిదో తేలేదాకా ఏ శాఖ పేరూ వార్తలో పెట్టను. చీటీ ఇచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, దాని మీద సంతకం ఎవరిదో ఉండేది కదా.

చట్టంలో కథకు పనికొచ్చేవి ఇంకో మూడు నాలుగు ఉన్నాయి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేవరకు ఉన్నవాళ్లను లేపకూడదు. లేపాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. తీసుకెళ్లిన సరుకు పాడయ్యేదైతే, వ్యాపారి వచ్చి అడిగిన రోజే తిరిగివ్వాలి. పాడుకానిదైతే రెండు పనిదినాల్లో ఇవ్వాలి. టోపీ పాడయ్యేది కాదు, కాబట్టి రెండు రోజులు. పక్కనే పూలు అమ్మే ఆమెకైతే అదే రోజు, ఎందుకంటే మల్లెపూలు మర్నాటికి దేనికీ పనికిరావు. కానీ జాబితా లేకుండా వెళ్లి "నా మూటలో నాలుగు డజన్లు ఉన్నాయి" అంటే నమ్మేదెవరు? టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని కూడా చట్టంలో ఉంది. మన ఊళ్లో ఆ కమిటీలో టోపీల వాళ్ల తరఫున ఎవరైనా ఉన్నారా అన్నది అడుగుతాను గానీ, దాన్ని ఒక పేరాకు మించి సాగదీయను. కమిటీల గురించి చదవడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

అవతలి వైపు వాదన బలహీనంగా రాయను. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయిన ఊరు ఇది. విష్ణు నివాసం దగ్గర సర్వదర్శనం టోకెన్ల కోసం అర్ధరాత్రి నుంచే జనం చేరతారు. అలాంటి చోట దారి ఖాళీగా ఉండాలని అధికారి అంటే కాదనడం కష్టం. నేను మాట్లాడిన వ్యాపారుల్లో కూడా ఇద్దరు ముగ్గురు ఆ మాట వాళ్లంతట వాళ్లే అన్నారు. అయితే దారి ఖాళీ చేయించడం వేరు, మూటకు లెక్క లేకుండా పోవడం వేరు. రెండోదానికి రద్దీ కారణం కాదు. అధికారులను అడిగే ప్రశ్న కూడా ఇదే: ఖాళీ చేయించండి సరే, కాగితం ఎందుకు ఇవ్వరు?

ఇంతవరకు చేసిన పని: స్టేషన్ ఎదుట, గోవిందరాజస్వామి గుడి దారిలో, శ్రీనివాసం దగ్గర టోపీలు, పూలు, తాళ్లు, ఫొటోలు అమ్మేవాళ్లతో మాట్లాడాను. పగలు ఒక రకం మనుషులు, తెల్లవారుజామున ఇంకో రకం, కాబట్టి రెండు పూటలా తిరిగాను. కార్డులు, లోన్ కాగితాలు చూపించినవాళ్ల దగ్గర అనుమతి అడిగే ఫొటో తీసుకున్నాను, నంబర్లు మూసి. గత ఏడాది ఎన్నిసార్లు సరుకు స్వాధీనం చేసుకున్నారు, ఎన్ని జాబితాలు ఇచ్చారు, తిరిగిచ్చిన సరుకు ఎంత అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు ఇంకా ఉంది. జవాబు వస్తే కథనం గట్టిపడుతుంది. రాకపోయినా ఆగదు, రాలేదన్న సంగతే రాస్తాం.

మిగిలినవి: నగరపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసులు, రైల్వే, మెప్మా – నలుగురి వెర్షన్ తీసుకోవాలి. ఇందులో మీ సాయం కావాలి. ఫ్రీలాన్సర్‌నని చెబితే ఫోన్ పెట్టేస్తారు, పేపర్ పేరు చెబితే కనీసం "సాయంత్రం చేయండి" అంటారు. మీరు ఓకే అంటే మీ పేపర్ తరఫున అని చెప్పుకోవడానికి ఒక మెయిల్ ఇవ్వగలరా? స్వాధీనం చేసుకున్న సరుకు ఎక్కడ పెడతారో ఆ చోటు కూడా చూడాలి. టోపీల మూటలు అక్కడుంటే మంచి ఫొటో, లేకపోతే మంచి ప్రశ్న.

మెయిన్ స్టోరీ 700 పదాలు అనుకుంటున్నాను. పక్కన "మీ సరుకు ఎత్తుకెళ్తే ఏం అడగాలి" అని 150 పదాల బాక్స్. వ్యాపారులు కత్తిరించి పట్ట కింద పెట్టుకునేలా ఉండాలి, కాబట్టి అందులో సెక్షన్ నంబర్లు కూడా వేద్దాం. స్టేషన్ గోడ, రోడ్డు, టోపీల వాళ్లు తిరిగే దారి చూపించే చిన్న మ్యాప్ మీ ఆర్టిస్ట్ వేయగలిగితే మినహాయింపు సంగతి చెప్పడానికి పట్టే రెండు పేరాలు ఆదా అవుతాయి. కొండ మీద దుకాణాల జోలికి వెళ్లను. అవి టీటీడీ లైసెన్సుల వ్యవహారం, కలిపితే ఈ కథ చెడుతుంది.

ఫొటోలు నేనే తీస్తాను. సరుకు ఎత్తే సమయంలో ఎవరి ముఖమూ కనబడకుండా చూస్తాను, మర్నాడు మళ్లీ అక్కడే కూర్చోవాల్సింది వాళ్లే. ఇంకో విషయం మీకు తెలియాలి: మా పిన్ని చాలా ఏళ్లు తీర్థకట్ట వీధిలో పూలు అమ్మింది. ఇప్పుడు మానేసింది. ఆమెను గానీ ఆమె తెలిసినవాళ్లను గానీ ఈ కథలోకి తీసుకోలేదు. పరిచయం వల్ల ఎవరిని ఏ వేళకు కలవాలో తెలిసింది, అంతవరకే.

సమయం గురించి. బ్రహ్మోత్సవాల ఏర్పాట్ల సమీక్షలు మొదలయ్యే ముందు వస్తే మేలు. గరుడ సేవ రద్దీ పేరుతో అప్పుడు అందరినీ ఒకేసారి లేపుతారు, ఆ గడబిడలో చీటీ గురించి అడిగే సందు ఉండదు. పైగా స్వనిధి పథకాన్ని కేంద్రం 2030 మార్చి 31 వరకు పొడిగించి, మొదటి విడతను 15,000కు, రెండో విడతను 25,000కు పెంచింది. అప్పు పెద్దదయ్యేకొద్దీ ఒక్క మూట పోవడం కూడా పెద్ద దెబ్బే అవుతుంది. మీరు సరేనన్నాక రెండు వారాల్లో కాపీ ఇస్తాను.

పారితోషికం విషయానికొస్తే, లైన్ అకౌంట్ లెక్కన కాకుండా కథనం, బాక్స్, ఫొటోలు కలిపి 4,000 రూపాయలు అడుగుతున్నాను. బైలైన్ కావాలి. ఈ ప్రతిపాదన ప్రస్తుతం మీకు తప్ప ఇంకెవరికీ పంపలేదు. వచ్చే గురువారం దాకా ఎవరికీ పంపను కూడా. ఆలోపు "వద్దు" అని ఒక్క మాట చెప్పినా చాలు, వేరే చోట ప్రయత్నిస్తాను.

రుయా ఆసుపత్రి బయట రోగుల బంధువులు రాత్రుళ్లు ఎక్కడ పడుకుంటారన్న దాని మీద, జీవకోన నీళ్ల ట్యాంకర్ల మీద ఇంతకుముందు రాసినవి ఈ మెయిల్‌కు జత చేశాను. ట్యాంకర్ల కథనం కొంచెం పొడవు, రుయా ముక్క చూస్తే నా రాత ఎలా ఉంటుందో తెలుస్తుంది. వాట్సాప్ చేయొచ్చు, పొద్దున పది లోపు అయితే స్టేషన్ దగ్గరే ఉంటాను, ఫోన్ వినబడకపోవచ్చు.

ఇట్లు,
భార్గవి
ఫ్రీలాన్స్ రిపోర్టర్, తిరుపతి