విషయం: మే, జూన్ బిల్లుల చెల్లింపు గడువును 45 రోజుల నుంచి 90 రోజులకు పెంచవలసిందిగా వినతి

తణుకు,
22 జూన్ 2026.

గౌరవనీయులైన సుబ్బారావు గారికి,

నమస్కారములు. మీ వద్ద మా చీరల దుకాణం ఖాతాలో ప్రస్తుతం మూడు బిల్లులు చెల్లించవలసి ఉన్నాయి. మే 12వ తేదీ బిల్లు రూ. 1,86,400, మే 23వ తేదీది రూ. 1,32,750, జూన్ 8వ తేదీది రూ. 94,850, వెరసి రూ. 4,14,000. మన అలవాటు ప్రకారం 45 రోజుల లెక్కన వీటి గడువులు వరుసగా జూన్ 26, జూలై 7, జూలై 23 తేదీలకు వస్తాయి. ఈ మూడు బిల్లులకు మాత్రం గడువును 90 రోజులకు పెంచవలసిందిగా కోరుతూ ఈ మెయిల్ రాస్తున్నాను. గడువు దాటిపోయాక సంజాయిషీ చెప్పుకోవడం కంటే ముందుగానే ఉన్న సంగతి మీకు తెలియజేయడం మర్యాద అని భావించాను.

ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం రావడంతో, పెళ్లిళ్ల కొనుగోళ్లు జోరుగా సాగవలసిన నెల రోజులూ కౌంటరు ఖాళీగా గడిచిపోయింది. నిజ జ్యేష్ఠంలో ముహూర్తాలు ఉన్నా, జూలై మధ్యలో ఆషాఢం వచ్చేస్తుంది గనుక చాలా కుటుంబాలు శుభకార్యాలను శ్రావణానికి వాయిదా వేసుకున్నాయి. పైగా మా వైపు దాళ్వా ధాన్యం డబ్బు చేతికి వచ్చినవారు కూడా ఇప్పుడు దాన్ని సార్వా పెట్టుబడికీ పిల్లల ఫీజులకూ దాచుకుంటున్నారే తప్ప బట్టల వైపు చూడడం లేదు. పట్టుచీరల సంగతి అటుంచితే, డజన్ల లెక్కన పోయే పెట్టుబడి చీరలు కూడా కట్టలు విప్పకుండానే ఉన్నాయి. అధికమాసం నడుస్తోందని తెలిసి కూడా మే 23న మీ వస్త్రలత దుకాణంలో కొత్త డిజైన్లు చూసి ఆగలేక అంత సరుకు ఎత్తడం నా పొరపాటే. ఆ భారం మీ మీద వేయాలని నా ఉద్దేశం కాదు.

అందుకే పూర్తిగా చేతులెత్తేయకుండా, మొదటి బిల్లులో రూ. 86,400 ఈ నెల 26నే నెఫ్ట్ ద్వారా జమ చేస్తాను. మే బిల్లులపై జీఎస్టీ మీరు ఈ నెల 20నాటికే కట్టి ఉంటారని నాకు తెలుసు; కనీసం ఆ సొమ్ము మీ చేతి నుంచి పోయినట్టు ఉండకూడదు. ఆ బిల్లులో మిగిలిన లక్ష రూపాయలు ఆగస్టు 10న, రెండవ బిల్లు ఆగస్టు 21న, మూడవది సెప్టెంబరు 6న చెల్లిస్తాను. శ్రావణం ఆగస్టు 13న మొదలవుతున్నా, వరలక్ష్మీ వ్రతానికీ పెళ్లిళ్లకూ కొనేవారు ఆగస్టు మొదటి వారం నుంచే దుకాణానికి వస్తారు గనుక ఈ తేదీలు ఆలోచించి వేసుకున్నవే. మూడింటికీ ఆ తేదీలతో చెక్కులు ముందే పంపుతాను.

నిరుడు నా చెక్కు ఒకటి వెనక్కి వచ్చిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. నాలుగు రోజుల్లో సొమ్ము జమ చేసినా ఆ నామోషీ నాకింకా ఉంది. అయితే 2015 నుంచి నడుస్తున్న మన ఖాతాలో అదొక్కటే మచ్చ అనీ, 2020 లాక్‌డౌన్ నాటి బాకీని కూడా ఆ దీపావళికి పైసాతో సహా తీర్చాననీ మీ లెడ్జరే చెబుతుంది.

అదనపు 45 రోజులకు వడ్డీ లేకుండా చూస్తే మేలు చేసినవారవుతారు. తప్పదంటే నూటికి నెలకు రూపాయి చొప్పున ఇవ్వడానికి సిద్ధమే గానీ, బిల్లు అడుగున అచ్చయి ఉన్న 24 శాతం మాత్రం మా లాభాన్ని మించిపోతుంది. అమ్ముడుపోలేదని సరుకేదీ తిప్పి పంపను. ఆషాఢంలో తీసుకునేదంతా నగదుకే తీసుకుంటాను. శ్రావణం ఆర్డరును జూలై నెలాఖరులో ఇచ్చేటప్పుడు సగం సొమ్ము ముందుగా చెల్లిస్తాను. పాత బాకీ ఉందన్న కారణంతో ఆ ఆర్డరును ఆపకుండా ఉండమని మాత్రం నా ప్రత్యేక మనవి, ఎందుకంటే శ్రావణంలో కొత్త సరుకు లేకపోతే పాత బాకీ తీర్చే దారి కూడా మూసుకుపోతుంది.

మా లెక్క ప్రకారం ఖాతా వివరాలను దీనికి జతచేశాను. మీ గుమాస్తా గారి చేత ఒకసారి సరిచూపించి, తేడా ఉంటే తెలియజేయగలరు. 26వ తేదీ లోపు మీ నిర్ణయం తెలిపితే ఆ రోజే జమతో పాటు చెక్కులు కూడా మన ట్రాన్స్‌పోర్టు మనిషి చేత పంపిస్తాను. మాట్లాడుకోవడం మంచిదనిపిస్తే గురువారం నేను విజయవాడ వస్తున్నాను, ఉదయం 11 గంటలకు మీ దుకాణంలో కలుస్తాను.

భవదీయుడు,
సత్యనారాయణ
చీరల దుకాణం యజమాని, తణుకు

జత: 22 జూన్ 2026 నాటి ఖాతా వివరాలు