మిర్చి ముడతకు ఫొటో, డీఎన్ఏ రెండూ: పీహెచ్‌డీ ప్రవేశానికి ఉద్దేశ పత్రం

అంతర్విభాగ పరిశోధన ప్రవేశ కమిటీ గౌరవ సభ్యులకు,

నాది వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఆ తర్వాత డేటా విశ్లేషణ ఉద్యోగంలో రోజూ పైథాన్ రాశాను. ఇప్పుడు వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్ జిల్లాల మిర్చి తోటల్లో ఆకుముడత కారణాన్ని ఫోన్ ఫొటోతో గుర్తించవచ్చా, ఎంతవరకు నమ్మవచ్చు అన్నది తేల్చే పరిశోధనకు దరఖాస్తు చేస్తున్నాను. వృక్షశాస్త్రం వాళ్లొకరు, కంప్యూటర్ వాళ్లొకరు కలిసి చేస్తే సరిపోదా అని మీరు అడగడం సహజం. ఈ పత్రంలో ఎక్కువ భాగం దానికి జవాబే.

ముడత అన్న ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు జబ్బులున్నాయి. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దోనెలా అవుతాయి. రైతులు పై ముడత అంటారు. తెల్లనల్లి వల్ల అంచులు కిందికి తిరుగుతాయి, కాడ సాగుతుంది; అది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్‌తోనూ ఆకు పైకే ముడుచుకుంటుంది, కాకపోతే ఆకులు చిన్నవై, ఈనెలు మందమై, మొక్క గిడసబారుతుంది. అంటే పై ముడత చూసి తామర పురుగా, వైరస్సా అని చెప్పడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. తప్పు చెబితే నష్టం మందు ఖర్చుతో ఆగదు. నల్లి ఉన్న తోటలో సింథటిక్ పైరిత్రాయిడ్ కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. వైరస్‌కైతే మందే లేదు. తొలి దశలో మొక్క పీకేయడం, దోమను అదుపు చేయడం మాత్రమే మిగులుతాయి. 2021లో నల్ల తామర పురుగు పూతను పట్టాక మన ప్రాంతంలో విచ్చలవిడిగా మందులు కొట్టడానికి ఈ గందరగోళం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ప్రణాళిక ఇది. 36 తోటలు, తోటకు 10 మొక్కలు, నాటిన 45, 75, 105 రోజులకు మూడు సందర్శనలు, మొక్కకు ప్రతిసారీ 4 ఫొటోలు. మొత్తం 4,320 ఫొటోలు. కంప్యూటర్ వైపు నుంచి చూసేవారికి ఇది 4,320 నమూనాల డేటా. నాకు మాత్రం 36. ఒకే తోటలోని మొక్కలు ఒకే నారు, ఒకే నేల, ఒకే మందు, ఒకే దోమల గుంపును పంచుకుంటాయి. ఫొటోలను కలగలిపి శిక్షణకు, పరీక్షకు పంచితే ఒకే మొక్క రెండువైపులా కనిపిస్తుంది. మోడల్ జబ్బును కాక తోటను గుర్తుపట్టి మంచి మార్కులు తెచ్చుకుంటుంది. వైరస్ తోటలన్నీ రేగడిలో, మిగతావన్నీ చెల్కలో పడ్డాయనుకోండి, అది మట్టి రంగు చూసి జవాబు చెబుతుంది. అందుకే ప్రతి ఆకు వెనక బూడిదరంగు అట్ట పెడతాను, నేల రకం, వంగడం (తేజ, చపాట, హైబ్రిడ్‌లు) విడిగా రాసుకుంటాను, ఒకే గ్రూపును శిక్షణకూ, పరీక్షకూ పంచకుండా చూసే `GroupKFold`లో గ్రూపుగా ఫొటోను కాక గ్రామాన్ని ఇస్తాను. తోటను గ్రూపుగా ఇస్తే కూడా చాలదు, పక్క తోట దోమ గట్టు దాటి వస్తుంది కదా.

అసలు చిక్కు సరైన జవాబు ఎక్కడి నుంచి తేవాలన్నది. చూసి చెప్పిన పేరునే జవాబుగా పెడితే మోడల్ మనిషి పొరపాట్లను నేర్చుకుంటుంది. రెండో సందర్శనలో ఆ 360 మొక్కల నుంచి లేత ఆకు 100 మిల్లీగ్రాముల చొప్పున తీసి, సీటాబ్ పద్ధతిలో డీఎన్ఏ వేరుచేసి, ఆ జెమిని వైరస్ కుటుంబంలోని బెగోమోవైరస్ ఉందో లేదో దాని డీఎన్ఏను పెంచి చూసే పీసీఆర్ పరీక్ష చేస్తాను. ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది: మిరప ఆకులోని ఫినాల్‌లు, చక్కెర పదార్థాలు డీఎన్ఏతో పాటు వచ్చి పీసీఆర్‌ను ఆపేస్తాయి. జెల్ మీద గీత రాలేదంటే వైరస్ లేదని కాదు, చర్యే జరగలేదేమో. కాబట్టి ప్రతి నమూనాలో మిరప సొంత జన్యువు ఒకదానికీ పీసీఆర్ నడవాలి. అది వచ్చి వైరస్ రాకపోతేనే 'లేదు' అని రాయాలి. నల్లి సంగతీ అంతే. లక్షణం బయటపడేసరికి అది వేరే చిగురుకు పోయి ఉండొచ్చు. పది రెట్ల భూతద్దంలో కనబడనంత మాత్రాన నల్లి కాదనలేం. 'నిర్ధారణ కాలేదు' అనే నాలుగో పేరు డేటాబేసులో ఉండి తీరాలి. ఖాళీగా వదిలేస్తే కోడ్ రాసేవారు దాన్ని ఆరోగ్యంగా లెక్కేస్తారు.

మరొకటి. పది మొక్కల్లో మూడు పై ముడత, మూడు కింది ముడత, రెండు మిశ్రమం, రెండు బాగున్నవి అని ఎంచుకుంటాం కనుక, ఆ నిష్పత్తి తోటలోని నిజ నిష్పత్తి కాదు. జబ్బు ఎంత శాతమో దీని నుంచి చెప్పకూడదు. అందుకు ప్రతి తోటలో అడ్డదిడ్డంగా నడుస్తూ 50 మొక్కలు విడిగా లెక్కిస్తాను; మోడల్ 'వైరస్' అన్నప్పుడు అది ఎన్నిసార్లు నిజమో ఆ లెక్కతో సవరిస్తాను.

వైరస్ తేలినవాటిలో 40 నమూనాలకు పూర్తి జన్యుక్రమం తీయాలని ఉంది. ఈ వైరస్ డీఎన్ఏ-ఏ దాదాపు 2,700 అక్షరాల వలయం. జన్యుక్రమం ఫైలు మాత్రం సరళరేఖగా వస్తుంది, ఎక్కడ కోశారో అక్కడి నుంచి మొదలవుతుంది. రెండు ఫైళ్లు వేర్వేరు చోట్ల మొదలైతే అవి ఒకే వైరస్ అయినా పోలిక శాతం తక్కువ వస్తుంది, 91 శాతం హద్దు కింద పడి 'కొత్త జాతి' అని కనబడుతుంది. ముందుగా అన్నింటినీ ఒకే గుర్తు దగ్గరికి తిప్పాలి:

```python
def rotate(seq, motif="TAATATTAC"):
    s = seq.upper()
    i = (s + s[:8]).find(motif)
    if i < 0:
        return None
    p = (i + 7) % len(s)
    return s[p:] + s[:p]
```

`s[:8]` కలపకపోతే గుర్తు సరిగ్గా కోత మీద పడ్డప్పుడు దొరకదు. `None` వస్తే క్రమం తిరగబడి ఉందేమో చూడాలి. ఈ తొమ్మిది అక్షరాలు రెండు చోట్ల కనబడితే కోడ్ మొదటిదాన్నే పట్టుకుంటుంది. ఏది అసలైనదో చెప్పేది దాని చుట్టూ ఉండే కాడ-ఉచ్చు నిర్మాణం. కోడ్ ఎక్కడా ఆగకుండా నడుస్తుంది, ప్రయోగశాల పనిలోనూ లోపం ఉండదు. తప్పు మాత్రం రెంటికీ మధ్య ఉంటుంది. ఇద్దరు నిపుణులుంటే ఎవరికి వారు తమ సగం సరిగ్గా ఉందని సంతకం పెడతారు.

నేను చేయనివి కూడా చెప్పాలి. కొత్త అల్గారిథమ్ కనిపెట్టను. ఉన్న చిన్న మోడల్‌ను ఫోన్‌లో నడిచేలా వాడతాను. పై ముడత, కింది ముడత, ఈనెల మందం చూసి చెప్పే మూడు ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేసి, అదే నమూనాలను ఇద్దరు వ్యవసాయ విస్తరణ అధికారులతో విడివిడిగా గుర్తింపజేస్తాను. మోడల్ ఆ కాగితాన్ని మించకపోతే సిద్ధాంత గ్రంథంలో అదే ఫలితంగా రాస్తాను. అప్పుడు రైతుకు ఇవ్వాల్సింది కాగితమే.

గణాంకశాస్త్రంలో నా పునాది పల్చన. గుంపులుగా ఉండే డేటాకు వాడే మిశ్రమ మోడళ్లు మొదటి సెమిస్టర్‌లోనే చదవాలి. ఆ కోర్సుకు అనుమతి కోరుతున్నాను. నమోదు వృక్షశాస్త్ర విభాగంలో, సహ పర్యవేక్షకులు కంప్యూటర్ సైన్స్ నుంచి ఉంటే మేలు. మూల్యాంకనంలో వైరస్ అధ్యాయాన్ని కంప్యూటర్ సైన్స్ పరీక్షకులూ, మోడల్ అధ్యాయాన్ని వృక్షశాస్త్ర పరీక్షకులూ చదవాలని మనవి.

ఒక్క కాలపరిమితి ఉంది. ఇక్కడ మిర్చి నారు నాట్లు ఆగస్టు, సెప్టెంబరులో పడతాయి. నమోదు జులై దాటితే తోటల ఎంపిక, రైతుల అనుమతి, 45వ రోజు సందర్శన తప్పిపోయి మొత్తం ఒక పంట కాలం పోతుంది. అలాంటి పక్షంలో మొదటి ఏడాది ప్రయోగశాల పద్ధతుల సరిచూతకు, కోర్సులకు కేటాయించి, తోటల పని రెండో ఏడాదికి మార్చిన వేరే పట్టిక దీనికి జతచేశాను.

ఇట్లు,
దరఖాస్తుదారు
హనుమకొండ